స్ప్రింగ్, దారం, బరువైన కప్పీ: గరిష్ఠ సాగుదల లెక్కపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫస్టియర్‌లో భ్రమణ చలనం పాఠం సగానికి రాగానే హన్మకొండ, వరంగల్ హాస్టళ్ల స్టడీ అవర్లలో ఈ లెక్క బయటికొస్తుంది. ఏటా అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో అడుగుతారు. అందుకే వాటిని అడిగిన తీరులోనే ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో నేరుగా దానికే వెళ్లండి.

అన్నిటికీ బొమ్మ ఒక్కటే. నేలకు నిలువుగా బిగించిన స్ప్రింగ్. దాని పై కొనకు కట్టిన దారం కప్పీ మీదుగా అవతలి పక్కకు దిగుతుంది, ఆ చివర దిమ్మె వేలాడుతుంది. స్ప్రింగ్ ఏమాత్రం సాగకుండా, దారం మాత్రం బిగుతుగా ఉండేలా దిమ్మెను చేత్తో పట్టుకుని వదిలేస్తాం. దిమ్మె m = 2 kg, స్ప్రింగ్ స్థిరాంకం k = 100 N/m, కప్పీ M = 4 kg ఉన్న గుండ్రటి బిళ్ల, వ్యాసార్థం R = 0.1 m, g = 10 m/s². స్ప్రింగ్ ఎక్కువలో ఎక్కువ ఎంత సాగుతుందన్నదే ప్రశ్న.

## బొమ్మ గీసేటప్పుడు

దారం ఒక్కటే కదా, రెండు పక్కలా ఒకే T రాస్తే తప్పేంది?

కప్పీకి బరువు లేదన్నప్పుడు అది తప్పు కాదు. 4 కిలోల కప్పీ ఉన్నప్పుడు తప్పే. కప్పీ తిరగడం మొదలుపెట్టాలంటే దాని మీద టార్క్ ఉండాలి. ఆ టార్క్ రెండు పక్కల తన్యతల తేడా నుంచే వస్తుంది. రెండూ సమానమైతే ఆగి ఉన్న కప్పీ కదలనే కదలదు.

దిమ్మె వైపు తన్యతను T1, స్ప్రింగ్ వైపు తన్యతను T2 అనుకోండి. వదిలిన క్షణాన స్ప్రింగ్ సాగలేదు కాబట్టి T2 సున్నా. అప్పుడు T1 = 10 N. ఆ 10 N తేడాయే కప్పీని తిప్పడం మొదలుపెడుతుంది. స్ప్రింగ్ 20 సెం.మీ. సాగినప్పుడు రెండూ 20 N దగ్గర సమానమవుతాయి. 40 సెం.మీ. దగ్గర T1 = 30 N, T2 = 40 N. అంటే ఇప్పుడు తేడా ఎదురు దిశలో ఉండి, కప్పీని వెనక్కి తిప్పబోతోంది.

దిమ్మె ఎంత దిగితే స్ప్రింగ్ అంతే సాగుతదని ఎట్లా రాస్తున్నరు?

దారం సాగదు, కప్పీ ఇరుసు కదలదు. కాబట్టి అవతల ఎంత దారం దిగితే ఇవతల అంతే పైకి వెళ్లాలి. దిమ్మె x దిగితే స్ప్రింగ్ x సాగుతుంది. దారం కప్పీ మీద జారకపోతే కప్పీ తిరిగిన కోణం x/R అవుతుంది. ఈ లెక్కలో 0.4 మీటర్లకు అది 4 రేడియన్లు, అంటే సుమారు 229 డిగ్రీలు. ఒక చుట్టు కూడా పూర్తి కాదు.

శక్తి సమీకరణంలో తన్యత చేసిన పని ఎందుకు రాయం?

రాసినా నష్టం లేదు, చివరికి అదే కొట్టేసుకుంటుంది. దిమ్మె మీద T1 పైకి లాగుతుంది, దిమ్మె కిందికి కదులుతుంది, కాబట్టి పని −T1·x. కప్పీ మీద దారం చేసే పని (T1 − T2)·x. స్ప్రింగ్ కొన మీద పని T2·x. మూడూ కలిపితే సున్నా.

దిమ్మె, కప్పీ, స్ప్రింగ్ మూడింటినీ ఒకే వ్యవస్థగా తీసుకుంటే తన్యత లోపలి బలం అయిపోతుంది. ఇరుసు మీద పైకప్పు పెట్టే బలం ఉంది గానీ ఇరుసు కదలదు, అందుకే అది కూడా పని చేయదు. మిగిలేవి రెండే: దిమ్మె కోల్పోయే గురుత్వ స్థితిజ శక్తి, స్ప్రింగ్ దాచుకునే శక్తి. మధ్యలో ఉన్నంతసేపు వాటికి గతిజ శక్తి తోడవుతుంది.

## సమీకరణం రాసేటప్పుడు

కప్పీ 4 కిలోలని ఇచ్చిండ్రు గానీ జవాబులో M కనిపిస్తలేదు. ఎక్కడ పోయింది?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ముందు లెక్క చూద్దాం. x సాగిన ఏ క్షణానికైనా శక్తి సమీకరణం ఇది:

mgx = ½kx² + ½mv² + ½Iω²

గరిష్ఠంగా సాగిన క్షణంలో దిమ్మె ఆగుతుంది, v = 0. దారం జారడం లేదు కాబట్టి కప్పీ కూడా అదే క్షణంలో ఆగుతుంది, ω = 0. చివరి రెండు పదాలూ పోయాయి. మిగిలింది:

mgx = ½kx²
x = 2mg/k = 2 × 2 × 10 / 100 = 0.4 m

కప్పీ మొదట్లో ఆగి ఉంది, చివర్లో ఆగి ఉంది. మధ్యలో శక్తి తీసుకుంది, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేసింది. దారిలో ఏం జరుగుతుందో చూస్తే అనుమానం పూర్తిగా తీరుతుంది. శక్తులన్నీ జౌళ్లలో:

| సాగుదల | దిమ్మె కోల్పోయింది | స్ప్రింగ్‌లో ఉంది | దిమ్మె గతిజ శక్తి | కప్పీ గతిజ శక్తి |
|---|---|---|---|---|
| 0 | 0 | 0 | 0 | 0 |
| 10 సెం.మీ. | 2 | 0.5 | 0.75 | 0.75 |
| 20 సెం.మీ. | 4 | 2 | 1 | 1 |
| 30 సెం.మీ. | 6 | 4.5 | 0.75 | 0.75 |
| 40 సెం.మీ. | 8 | 8 | 0 | 0 |

20 సెం.మీ. దాకా కప్పీ అప్పు తీసుకుంటోంది, అక్కణ్నుంచి తీరుస్తోంది. 40 దగ్గర ఖాతా సున్నా. కప్పీ 4 కిలోలు కాక 40 కిలోలైనా ఆగే చోటు మారదు. అక్కడికి చేరడానికి పట్టే సమయం మాత్రం పెరుగుతుంది.

పరీక్షల్లో M ఇవ్వడం తరచుగా ఎర. నాలుగు ఆప్షన్లలో ఒక దాంట్లో (m + M/2) కనిపిస్తే, దానికి టిక్కు పెట్టే ముందు కప్పీ మొదట్లో గానీ చివర్లో గానీ తిరుగుతోందా అని చూసుకోండి. రెండు చోట్లా ఆగి ఉంటే ఆ ఆప్షన్ మీ కోసం కాదు.

నాకు mg/k వచ్చింది, జవాబు 2mg/k అంటున్నరు. రెండింతలు ఎట్లైంది?

మీరు కనుక్కున్నది దిమ్మె నిలకడగా వేలాడే చోటు. అక్కడ స్ప్రింగ్ లాగే బలం, దిమ్మె బరువు సమానం: kx = mg, x = 20 సెం.మీ. దిమ్మెను చేత్తో పట్టుకుని మెల్లగా దింపితే అక్కడే ఆగుతుంది. కానీ ఒక్కసారిగా వదిలేస్తే 20 సెం.మీ. దగ్గరికి వచ్చేసరికి దానికి వేగం ఉంటుంది. ఆ వేగంతో అంతే దూరం ముందుకుపోయి, 40 దగ్గర ఆగుతుంది.

అంగట్లో కూరగాయలు తూచే వేలాడే స్ప్రింగ్ కాంటా గుర్తు తెచ్చుకోండి. వంకాయలు తట్టలో ఒక్కసారిగా వేస్తే ముల్లు అసలు బరువు దాటి పైకెగిరి, కిందా మీదా ఊగి, అప్పుడు నిలబడుతుంది. mg/k అనేది ముల్లు నిలబడ్డ చోటు, 2mg/k అనేది ముల్లు ఎగిరిన చోటు.

మెల్లగా దింపినప్పుడు శక్తి లెక్క ఎందుకు తేడా వస్తుందని కొందరు అడుగుతారు. దిమ్మె 4 జౌళ్లు కోల్పోయింది, స్ప్రింగ్‌లో చేరింది 2 జౌళ్లే. మిగతా 2 జౌళ్లు మీ చేయి తీసుకుంది. చేయి పైకి ఆనుతూ కిందికి కదిలింది కదా, అది రుణాత్మక పని.

సమీకరణంలో x = 0 కూడా వస్తది. దాన్ని కొట్టేయొచ్చా?

mgx = ½kx² లో x తో భాగించేటప్పుడు పారేస్తున్నది ఆ మూలాన్నే. అది తప్పుడు జవాబు కాదు, ఈ ప్రశ్నకు జవాబు కాదంతే. మనం అడిగింది "వేగం సున్నా అయ్యే చోట్లు ఏవి" అని. దిమ్మె వదిలిన చోటు ఒకటి, కింద ఆగిన చోటు ఇంకొకటి. సమీకరణం రెండూ చెప్పింది.

గరిష్ఠ సాగుదల దగ్గర దిమ్మె ఆగింది కదా, మరి త్వరణం సున్నా కాదా?

కాదు. వేగం సున్నా, త్వరణం ఆ క్షణంలోనే ఎక్కువ. 40 సెం.మీ. దగ్గర స్ప్రింగ్ 40 N తో లాగుతోంది, దిమ్మె బరువు 20 N. ఆ 20 N తేడా దిమ్మెనూ కప్పీనీ రెండింటినీ కదిలించాలి. కప్పీ తరఫున కలిసే ద్రవ్యరాశి I/R² = M/2 = 2 kg, కాబట్టి మొత్తం 4 kg. త్వరణం 20/4 = 5 m/s², పైకి.

"ఆగింది కాబట్టి బలాలు సమానం" అని kx = mg రాసేవాళ్లు ఇక్కడే జారిపోతారు. ఆగడం వేరు, ఆగి ఉండిపోవడం వేరు.

## లెక్క నడుమ వచ్చే సందేహాలు

అయితే కప్పీ బరువు దేనికీ పనికిరాదా? మరి ఎందుకిచ్చిండ్రు?

వేగం అడిగితే పనికొస్తుంది. ఎక్కువ వేగం ఉండేది స్ప్రింగ్ 20 సెం.మీ. సాగినప్పుడు. అప్పటికి దిమ్మె కోల్పోయింది 4 J, స్ప్రింగ్ తీసుకుంది 2 J, మిగిలిన 2 J గతిజ శక్తి:

½(m + M/2)v² = 2
½ × 4 × v² = 2, కాబట్టి v = 1 m/s

కప్పీ తిరిగే వేగం ω = v/R = 10 rad/s. కప్పీకి బరువే లేకపోతే అదే 2 J మొత్తం దిమ్మెకు పోయి వేగం 1.41 m/s అయ్యేది. చాలా ప్రశ్నపత్రాల్లో మొదటి భాగం సాగుదల, రెండో భాగం వేగం. M ఇచ్చింది రెండో భాగం కోసం.

కప్పీ వ్యాసార్థం ఇవ్వలేదు. లెక్క ఆగిపోయింది.

గుండ్రటి బిళ్ల అని చెప్పి M ఇస్తే R అక్కర్లేదు. I = ½MR², ω = v/R, కాబట్టి ½Iω² = ¼Mv². R తనంతట తానే కొట్టేసుకుంటుంది. అంచులోనే బరువంతా ఉన్న కంకణం అయితే I = MR², అప్పుడు ½Mv². M బదులు I విలువ నేరుగా ఇచ్చి వేగం అడిగితే మాత్రం R తప్పనిసరి. సాగుదల ఒక్కటే అడిగి, ఆగి ఉన్న స్థితి నుంచి వదిలితే రెండూ అక్కర్లేదు.

కిందికి చేరడానికి ఎంతసేపు పడుతది? శక్తితో తెలుస్తదా?

శక్తి సమీకరణం ఎక్కడ ఆగుతుందో చెబుతుంది గానీ ఎప్పుడో నేరుగా చెప్పదు. దానికి కదలిక సరళ హరాత్మకమని గుర్తించాలి. స్ప్రింగ్ లాగే మొత్తం ద్రవ్యరాశి m + M/2 = 4 kg, కాబట్టి ఆవర్తన కాలం 2π√(4/100) = 1.26 సెకన్లు. పై కొన నుంచి కింది కొనకు అందులో సగం, 0.63 సెకన్లు. కప్పీకి బరువు లేకపోతే 0.44 సెకన్లలోనే అయిపోయేది. దూరం మాత్రం రెండింటికీ 40 సెం.మీ.

## ప్రశ్నను కొంచెం మార్చితే

వదిలేటప్పటికే స్ప్రింగ్ 5 సెం.మీ. సాగి ఉంటే?

సాగుదలను ఎప్పుడూ స్ప్రింగ్ సహజ పొడవు నుంచే కొలవండి. 2 కిలోల దిమ్మె, 100 N/m స్ప్రింగ్, మొదటి సాగుదల 0.05 m, మొత్తం గరిష్ఠ సాగుదల x అనుకుంటే దిమ్మె దిగింది (x − 0.05):

mg(x − 0.05) = ½k(x² − 0.05²)

రెండు వైపులా (x − 0.05) ఉంది. దాన్ని తీసేస్తే x + 0.05 = 2mg/k = 0.4, కాబట్టి x = 0.35 m. స్ప్రింగ్ 35 సెం.మీ. సాగింది, దిమ్మె 30 సెం.మీ. దిగింది. ప్రశ్న ఈ రెంటిలో ఏది అడుగుతుందో చూసుకోవాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు ½k(x − 0.05)² అని రాయడం. అలా రాస్తే స్ప్రింగ్ సహజ పొడవునే మార్చేసినట్టు. వర్గాల తేడా, తేడా వర్గం ఒకటి కావు.

సరిచూసుకునే దారి కూడా ఉంది. నిలకడ చోటు 20 సెం.మీ. 5 దానికి 15 పైన ఉంది, 35 దానికి 15 కింద ఉంది. అటూ ఇటూ సమానంగా రాకపోతే లెక్క ఎక్కడో తప్పింది.

దిమ్మెను వదలడం కాదు, కిందికి 1 m/s తో నెట్టిండ్రు అనుకుందాం. ఇప్పుడు కూడా M పోతదా?

పోదు. ఈసారి కప్పీ మొదట్లోనే తిరుగుతోంది. స్ప్రింగ్ సహజ పొడవులో ఉన్నప్పుడు దిమ్మెకు 1 m/s ఉంటే, దారం జారకుండా ఉన్న 4 కిలోల బిళ్లకూ దానికి తగ్గ భ్రమణ శక్తి ఉంటుంది. మొదటి గతిజ శక్తి ½(2 + 2)(1)² = 2 J.

2 + 20x = 50x²
x = (20 + √800)/100 = 0.483 m

కప్పీని మరిచిపోతే మొదటి శక్తి 1 J అని రాసి 0.445 m తెస్తారు. దాదాపు 4 సెం.మీ. తేడా. ప్రశ్నలో "ఆగి ఉన్న స్థితి నుంచి" అన్న మాట ఉందా లేదా అన్నదే M ఉంటుందో పోతుందో తేలుస్తుంది.

దారం వదులుగా ఉంది, దిమ్మె 5 సెం.మీ. పడ్డాక బిగుసుకుంది. mg(0.05 + x) = ½kx² రాస్తే సరిపోదా?

సరిపోదు. కష్టపడి చదివిన పిల్లలు కూడా ఇక్కడ దెబ్బతింటారు. వదులు దిమ్మె వైపు ఉందనుకుందాం. 5 సెం.మీ. పడేసరికి దిమ్మె వేగం 1 m/s. ఆ క్షణంలో దారం ఠక్కున బిగుసుకుంటుంది. కప్పీ మాత్రం ఇంకా ఆగే ఉంది. దారం సాగదు కాబట్టి ఇద్దరూ ఒక్కసారిగా ఒకే వేగానికి రావాలి. అది అభిఘాతం, అందులో శక్తి కొంత వేడిగా, చప్పుడుగా పోతుంది.

ఆ క్షణానికి కోణీయ ద్రవ్యవేగం రాయాలి. స్ప్రింగ్ అప్పటికి సాగలేదు కాబట్టి దాని నుంచి ఠక్కుమనే బలం ఏమీ రాదు. R తో భాగిస్తే:

2 × 1 = (2 + 2) × v, కాబట్టి v = 0.5 m/s

పడేటప్పుడు ఉన్న శక్తి 1 J, బిగుసుకున్నాక ½ × 4 × 0.25 = 0.5 J. సగం పోయింది. అక్కణ్నుంచి మళ్లీ శక్తి సమీకరణం వాడొచ్చు:

0.5 + 20x = 50x²
x = (20 + √500)/100 = 0.424 m

శక్తి సమీకరణాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకే గీతలో లాగితే 0.445 వస్తుంది. మధ్యలో దారం బిగుసుకున్న చోట ఆ గీత తెగిందని గుర్తుంటే చాలు. ఈ ప్రశ్నలో కప్పీ బరువు సాగుదలను తగ్గిస్తుంది కూడా. కప్పీ ఎంత బరువైతే బిగుసుకున్నప్పుడు అంత ఎక్కువ శక్తి పోతుంది.

ఇరుసు దగ్గర ఘర్షణ ఉంటే?

ఘర్షణ టార్క్ 0.1 N·m స్థిరంగా ఉందనుకోండి. వ్యాసార్థం 0.1 m, కాబట్టి అది అంచు దగ్గర 1 N బలంతో సమానం. x దిగేసరికి పోయే శక్తి 1 × x:

20x − x = 50x²
x = 0.38 m

వెనక్కి పైకి వెళ్లేటప్పుడు కూడా ఘర్షణ తింటుంది కాబట్టి దిమ్మె మొదలైన చోటికి చేరదు. నిజమైన ఇరుసులో ఈ ఘర్షణ, ఇరుసు మీద పడే భారాన్ని బట్టి ఉంటుంది. అందులో కప్పీ బరువూ ఉంది. అలా దొడ్డిదారిన M లెక్కలోకి వస్తుంది.

కప్పీకి రెండు వ్యాసార్థాలు ఇచ్చిండ్రు, స్ప్రింగ్ దారం చిన్నదానికి చుట్టిండ్రు. ఎట్లా?

ఇప్పుడు దిమ్మె దిగుదల, స్ప్రింగ్ సాగుదల సమానం కావు. కోణం ఒక్కటే రెండింటికీ సమానం, కాబట్టి θ తో రాయండి. దిమ్మె వైపు 10 సెం.మీ., స్ప్రింగ్ వైపు 5 సెం.మీ. అయితే దిమ్మె 0.1θ దిగుతుంది, స్ప్రింగ్ 0.05θ సాగుతుంది:

20 × 0.1θ = 50 × (0.05θ)²
θ = 16 rad

స్ప్రింగ్ 0.8 m సాగింది, దిమ్మె 1.6 m దిగింది, కప్పీ రెండున్నర చుట్లు తిరిగింది. ఆగి ఉన్న స్థితి నుంచే వదిలారు కాబట్టి ఇక్కడా కప్పీ జడత్వం జవాబులో లేదు.

## నిజంగా చేసి చూస్తే

"దారం జారదు" అని ప్రశ్నలో రాస్తరు. నిజంగా జారదా?

దారాన్ని ఉత్తగా కప్పీ మీద వేస్తే మొదట్లో తప్పకుండా జారుతుంది. ఎందుకంటే వదిలిన క్షణాన స్ప్రింగ్ వైపు తన్యత సున్నా. ఘర్షణ దారాన్ని పట్టుకోవాలంటే రెండో వైపు కూడా కొంత లాగుడు ఉండాలి. ఖాళీ బొక్కెన తాడును గిరక మీద ఒక పక్కే గుంజితే గిరక తిరగకుండా తాడు జరజరా జారడం చూసే ఉంటారు.

సగం చుట్టు వేసిన దారానికి, ఘర్షణ గుణకం 0.3 అయితే, రెండు తన్యతల నిష్పత్తి 2.57 దాటితే జారుతుంది. జారకుండా ఉండాలంటే ఈ లెక్కలో T1 = 10 + 50x, T2 = 100x కావాలి. ఆ నిష్పత్తి 2.57 లోపలికి వచ్చేది x సుమారు 4.8 సెం.మీ. దాటాకే. అంటే మొదటి 5 సెం.మీ. దాకా దారం జారుతూనే ఉంటుంది, ఆ తర్వాత కూడా కప్పీ దారం వేగాన్ని అందుకునేదాకా కాస్త జారుతుంది. జారినంతసేపూ శక్తి వేడిగా పోతుంది, సాగుదల 40 కంటే తగ్గుతుంది.

దారాన్ని ఒకటిన్నర చుట్లు వేస్తే అదే లెక్కలో జారే దూరం అర సెంటీమీటరు దగ్గరికి పడిపోతుంది. కప్పీ అంచుకు దారాన్ని ఒక చోట ముడివేస్తే అసలు జారదు.

ఇంట్లో బరువైన కప్పీ ఎక్కడ దొరుకుతది?

పాత సైకిల్ రిమ్ము చాలా బాగా పనికొస్తుంది. టైరు, ట్యూబు తీసేసి, హబ్బు బేరింగులు శుభ్రం చేసి నూనె వేయండి. టైరు కూర్చునే గాడిలోనే దారం కూర్చుంటుంది. బరువంతా దాదాపు అంచులో ఉంటుంది కాబట్టి I దాదాపు MR².

ట్యూబు వాల్వు రంధ్రంలోంచి దారం ముడి వేస్తే జారే సమస్య ఉండదు. ముడిని ఎక్కడ మొదలుపెట్టాలన్నది ముఖ్యం. గాడి దగ్గర వ్యాసార్థం 28 సెం.మీ. ఉందనుకుంటే 40 సెం.మీ. దిగుదలకు చక్రం 82 డిగ్రీలు తిరుగుతుంది. ముడిని శిఖరం నుంచి స్ప్రింగ్ వైపుకు 41 డిగ్రీల దగ్గర పెట్టి మొదలుపెడితే, చివరికి దిమ్మె వైపు 41 డిగ్రీలకు వస్తుంది. రెండు కొనల్లోనూ ముడి పై సగంలోనే ఉంటుంది. శిఖరం దగ్గరే మొదలుపెడితే 82 డిగ్రీలకు వచ్చి దారం రిమ్మును వదిలే చోటికి మరీ దగ్గరవుతుంది.

స్ప్రింగ్ 40 N లాగుడు తట్టుకోవాలి. ముందు దాన్ని 4 కిలోలతో సాగదీసి, బరువు తీశాక పాత పొడవుకే వస్తోందో లేదో చూడండి. రాకపోతే దిమ్మె బరువు తగ్గించండి.

లెక్క ప్రకారం 39.2 రావాలి, నాకు 37 దగ్గరే ఆగుతోంది. ఎక్కడ తప్పు చేసిన?

g = 9.8 వేస్తే 2 కిలోలకు, 100 N/m స్ప్రింగ్‌కు 39.2 సెం.మీ. సరైనదే. తగ్గిన 2 సెం.మీ.కు మొదటి అనుమానితుడు ఇరుసు ఘర్షణ. అదేనో కాదో ఐదు నిమిషాల్లో తెలుసుకోవచ్చు.

దిమ్మెను పై నుంచి మెల్లగా చేత్తో దింపుతూ అది తనంతట తాను నిలబడే చోటు గుర్తు పెట్టండి. తర్వాత కింది నుంచి మెల్లగా పైకి తెచ్చి, నిలబడే చోటు మళ్లీ గుర్తు పెట్టండి. ఘర్షణ లేకపోతే రెండు గుర్తులూ ఒక్కచోటే పడాలి. ఉంటే మధ్యలో ఎడం వస్తుంది. ఆ ఎడాన్ని k తో గుణించి సగం చేస్తే ఘర్షణ బలం. ఎడం 2 సెం.మీ. అయితే ఘర్షణ 100 × 0.02 / 2 = 1 N. అప్పుడు గరిష్ఠ సాగుదల 2 × (19.6 − 1)/100 = 37.2 సెం.మీ. రావాలి. మీకు వచ్చింది అదే.

ఎడం కనిపించకపోయినా సాగుదల తగ్గితే దారం జారుతోందేమో చూడండి. రిమ్ము మీద, దారం మీద ఎదురెదురుగా స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టి, ఒక్కసారి వదిలి, కింద ఆగినప్పుడు ఫోన్ స్లోమోషన్‌లో చూస్తే చుక్కలు విడిపోయాయో లేదో తెలుస్తుంది. రెండూ కాకపోతే k ని మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగులు చాలావాటికి చుట్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. మొదటి కొన్ని న్యూటన్లు వాటిని విడదీయడానికే పోతాయి. అలాంటి స్ప్రింగ్‌కు F = kx గీత సున్నా దగ్గర మొదలుకాదు, అప్పుడు 2mg/k అన్న సూత్రమే దానికి వర్తించదు.